నూనె ఎవరి కంచంలో తగ్గాలి?

"మాది హనుమకొండ. ఇంట్లో నలుగురం: నేను, మావారు, అత్తమ్మ, మా అబ్బాయి. వాడికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. 800 మీటర్లు పరిగెత్తుతాడు. పొద్దున ఐదున్నరకు స్టేడియానికి పోతాడు, సాయంత్రం మళ్లీ పోతాడు. ఎండాకాలంలో మావారికి రక్తపరీక్ష చేయిస్తే ట్రైగ్లిజరైడ్లు 260 వచ్చాయి. ఫ్యాటీ లివర్ మొదలైందని, నూనె తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. ఇంటికొచ్చి ఆ మాట అంటే మావాడు నవ్వాడు. 'డాడీ నడవడు కాబట్టి వచ్చింది. రోజూ ఉరికేవాడికి ఏం తిన్నా కరిగిపోతుందమ్మా' అన్నాడు. నూనె లేని కూర కూరేనా అని అత్తమ్మ. వాదించే ఓపిక లేక ఎవరికీ చెప్పకుండా ప్రతి కూరలో నూనె సగం చేసేశాను. నెలకు ఐదు లీటర్ల డబ్బా అయిపోయేది, ఇప్పుడు రెండున్నర లీటర్లతో వెళ్లదీస్తున్నాను. నాలుగు నెలలైంది. మొదట్లో ఎవరూ కనిపెట్టలేదు. ఇప్పుడు వాడు కూర పక్కకు నెట్టి తొక్కుతో తింటున్నాడు. ఆవకాయ జాడీలో ముక్కలు ముక్కల్లాగే ఉన్నాయి, పైన తేలే నూనె మాత్రం తరిగిపోతోంది. ప్రాక్టీస్ నుంచి వస్తూ మిర్చి బజ్జీలు తింటున్నాడని పక్కింటావిడ చెప్పింది. బరువు 55 కిలోల నుంచి 53న్నరకు వచ్చాడు. చివరి 200 మీటర్లలో పడిపోతున్నావని కోచ్ అన్నాడట. అయినా ఒక్క రోజు ప్రాక్టీస్ మానడు. ఇదంతా నా వల్లేనా? వాడికి చెప్పేయాలా, ఇలాగే సాగించాలా, పాత పద్ధతికే పోవాలా?" — ఒక తల్లి

అమ్మా, మీరు డబ్బాల లెక్క రాయడం చాలా మేలైంది. దానితోనే మొదలుపెడదాం.

లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. నెలకు ఐదు లీటర్లంటే మీ ఇంట్లో రోజుకు దాదాపు 150 గ్రాములు. ఎదిగే పిల్లాడు, రెండు పూటలా పరిగెత్తేవాడు కాబట్టి ఇంట్లో వండినదాంట్లో మూడో వంతు వాడే తింటాడనుకుందాం. అప్పుడు వాడికి రోజుకు 50 గ్రాములు, మీ ముగ్గురికి తలా 33 గ్రాములు వచ్చేది. ఇప్పుడు వాడికి 25, మీకు తలా 17.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన లెక్కల్లో కూర్చుని పనిచేసే పెద్దవాళ్లకు వంటనూనె, నెయ్యి అన్నీ కలిపి రోజుకు 20 నుంచి 25 గ్రాములు చాలు. అదే పట్టికలో పదహారు, పదిహేడేళ్ల అబ్బాయిలకు 50 గ్రాములు ఉంటుంది. అంటే మీ పాత వంట మీవాడికి సరిపోయింది, పెద్దవాళ్లకు ఎక్కువైంది. కొత్త వంట పెద్దవాళ్లకు సరిపోతోంది, కాస్త తక్కువే అనుకున్నా ఇబ్బంది లేదు. మీవాడికి మాత్రం సగానికి పడిపోయింది. మీరు చేసిన పని తప్పు కాదు. ఒకే గిన్నెలోంచి నలుగురికీ ఒకే నిష్పత్తిలో తగ్గింది, చిక్కు అక్కడే ఉంది.

గ్రాము నూనెలో 9 కేలరీలు. మీవాడికి రోజూ తగ్గిన 25 గ్రాములంటే 225 కేలరీలు. అది అలాగే పూడకుండా ఉంటే నాలుగు నెలల్లో మూడు కిలోలకు పైగా తగ్గాలి. వాడు తగ్గింది కిలోన్నర. మిగతాది ఎక్కడి నుంచి వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది: తొక్కులోని నూనె, బజ్జీల బండి. మీకు అవి మొండితనంలా కనిపిస్తున్నాయేమో. నాకు మాత్రం ఆకలి కనిపిస్తోంది. తిండి చాలని ఒళ్లు తనకు అందిన చోట నుంచి తెచ్చుకుంటోంది.

ఇక చివరి 200 మీటర్ల సంగతి. దాన్ని పూర్తిగా మీ వంట మీద వేసుకోవద్దు. 800 మీటర్ల పరుగులో కాళ్లకు అందే ఇంధనం ముఖ్యంగా అన్నం, రొట్టెల్లాంటి పిండిపదార్థాల నుంచి కండరాల్లో నిల్వ ఉన్నది. పరుగు మధ్యలో కొవ్వుకు పెద్దగా పని లేదు. కాబట్టి కూరలో నూనె తగ్గినందుకే కాళ్లు నేరుగా బరువెక్కవు. అయితే రోజు మొత్తం మీద తిండి తక్కువైతే ఆ నిల్వలు నిండవు. నిన్నటి ప్రాక్టీస్ నుంచి ఒళ్లు కోలుకోకుండానే ఈ రోజు ప్రాక్టీస్ మొదలవుతుంది. పైగా కూర రుచించక కొద్దిగా తినేవాడు ఆ కూరతో తినాల్సిన అన్నం కూడా తగ్గించేస్తాడు. అలా నూనె లోటు అన్నం లోటుగా మారుతుంది. నిద్ర తక్కువ కావడం, రక్తంలో ఐరన్ తగ్గడం, కోచ్ ఈ మధ్య ప్రాక్టీస్ పెంచడం కూడా ఇదే పని చేయగలవు. వాటిని కూడా అడిగి తెలుసుకోండి.

మీవాడి వాదనలో సగం నిజం ఉంది, ఆ సగం ఒప్పుకుంటేనే మిగతా సగం వింటాడు. రోజూ పరిగెత్తేవాళ్లలో ట్రైగ్లిజరైడ్లు సాధారణంగా తక్కువగా ఉంటాయి. నడక లేకపోవడం వాళ్ల నాన్న సమస్యలో ఒక భాగమే. వాడి లెక్క తప్పేది 'ఏం తిన్నా' అన్న చోట. బండి మీద పొద్దుటి నుంచి మరుగుతున్న నూనె చూడండి, నల్లగా చిక్కబడి, బజ్జీ వేయగానే నురగ తేలుతుంది, పొగ తొందరగా వస్తుంది. ఆ నూనెలో పుట్టే చెడు పదార్థాలు పరుగుతో కరిగిపోవు. మన దేశంలో ఇలా మాడిన నూనెలో అలాంటి పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం కూడా పెట్టింది. ఇంట్లో కాపాడిన నూనెకు బదులు బయట ఇది లోపలికి పోతోందంటే బేరం నష్టమే.

మీవారి కోసం మొదలుపెట్టానన్నారు కాబట్టి ఆయన గురించి కూడా ఒక మాట. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి నూనె ఒక్కటే కారణం అనుకుంటే మీ కష్టం సగం వృథా అవుతుంది. ఎక్కువైన తెల్లన్నం, టీల్లో చక్కెర, స్వీట్లు, మందు అలవాటు ఉంటే అది, నడుము చుట్టూ చేరిన బరువు, ఇవన్నీ ట్రైగ్లిజరైడ్లను పెంచేవే. నూనె తగ్గిన కూర పలచగా అనిపించి ఆయన ఇంకో రెండు ముద్దలు అన్నం, కాస్త ఎక్కువ తొక్కు వేసుకుంటుంటే రిపోర్టు అలాగే రావచ్చు. ఆయన కంచంలో అన్నం ఎంత పడుతోందో ఒక వారం గమనించండి. రాత్రి అన్నం కొంత తగ్గించి పప్పు, కూర పెంచితే, భోజనం తర్వాత అరగంట నడిస్తే, ఆయనకు నూనె తగ్గించినంత మేలు జరుగుతుంది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే.

ఇప్పుడు మీరు అడిగిన దారులు చూద్దాం.

ఎవరికీ చెప్పకుండా ఇలాగే సాగించవచ్చు, కానీ ఉన్నది ఉన్నట్టుగా కాదు. వాడికి తగ్గిన 25 గ్రాములను వాడి కంచంలో వేరేగా వేయాలి. గుప్పెడు వేయించిన పల్లీలు, అంటే 30 గ్రాముల దాకా తింటే సుమారు 15 గ్రాముల కొవ్వు, ఏడెనిమిది గ్రాముల ప్రోటీన్ వస్తాయి. ఒక గ్లాసు గేదె పాలలో 12, 13 గ్రాముల కొవ్వు ఉంటుంది. ఈ రెండింటితోనే లోటు పూడిపోతుంది, పైగా ఖాళీ నూనె ఇవ్వలేని ప్రోటీన్, క్యాల్షియం కలిసొస్తాయి. పాలు తాగనంటే రెండు గుడ్లు, ఒక పల్లీపట్టీ పెట్టండి. ఈ దారిలో ఇంట్లో గొడవ ఉండదు. కానీ ఎన్నాళ్లు? కూర మారిందని వాడికి ఇప్పటికే తెలుసు, ఎందుకు మారిందో మాత్రం తెలియదు. కారణం తెలియని పిల్లాడు దాన్ని బజ్జీలతో పూడ్చుకున్నాడు. తర్వాతెప్పుడో డబ్బా చూసి తనే కనిపెడితే, తిండి విషయంలో మీరు చెప్పే తర్వాతి మాట నమ్మడం కష్టమవుతుంది.

రెండోది, అంతా చెప్పేయడం. నిజానికి దీనివైపు మొగ్గుతాను. అయితే చెప్పే తీరులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది తల్లులు ఊహించరు. వాడు ఎగతాళి చేస్తాడనే మీ భయం. నా భయం వేరు: వాడు నమ్మేస్తే ఏమవుతుందని. నూనె విషం, కొవ్వు చెడ్డది అని గట్టిగా చెబితే పరిగెత్తే పిల్లలు కొందరు దాన్ని తమ మీద ప్రయోగిస్తారు. తేలికైతే వేగం పెరుగుతుందన్న మాట ట్రాక్ మీద ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. మొదటి కిలో తగ్గినప్పుడు టైమింగ్ నిజంగానే కొద్దిగా మెరుగవ్వొచ్చు, అక్కడి నుంచి తిండి తగ్గించుకుంటూ పోతారు. ఎదిగే వయసులో, ఎముక గట్టిపడే వయసులో అది పెద్ద దెబ్బ. అందుకని చెప్పేటప్పుడు ఇది డాడీ రిపోర్టు సంగతిగానే చెప్పండి. 'డాక్టర్ చెప్పాక కూరల్లో నూనె తగ్గించాను. అది డాడీకి, నానమ్మకు, నాకు. నీకు తక్కువ పడుతోందని ఇప్పుడు తెలిసింది. నీకు వేరేగా పెడతాను, ఏం కావాలో నువ్వే చెప్పు' అంటే చాలు. వాడు 'నేను అనలేదా' అనవచ్చు, రెండు రోజులు ప్రతి చెడ్డ ల్యాప్‌కూ మీ కూరను తిట్టవచ్చు. అననివ్వండి.

మూడోది, పాత డబ్బా లెక్కకు వెళ్లిపోవడం. మీవాడికి వెంటనే రుచి తిరిగి వస్తుంది, అత్తమ్మ సంతోషిస్తారు. కానీ మీ ముగ్గురికీ మళ్లీ తలా 33 గ్రాములు పడతాయి. ఒక్కరి కోసం ముగ్గురికి ఎక్కువ పెట్టడం కంటే ఆ ఒక్కరికి కంచంలో కలపడం సులువు. పెళ్లికో పండక్కో ఈ లెక్క పక్కన పెట్టండి. సంక్రాంతికి సకినాలు నూనెలోనే కాలాలి.

వాడిని ఒప్పించాలని మీకు ఉంటే మాటల కంటే ట్రాక్ బాగా పనిచేస్తుంది. కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులో ఎక్కువసేపు ఉంటుంది. ఐదింటికి ప్రాక్టీస్ ఉన్న రోజు మూడింటికి పూరీలో బజ్జీలో తిని వెళ్లమనండి. ఇంకో వారం అదే ప్రాక్టీస్‌కు అదే సమయంలో రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు తిని వెళ్లమనండి. పొట్ట బరువు, తేపులు, పక్కలో పోటు ఏ రోజున ఉన్నాయో వాడే చెబుతాడు. పోటీకి దగ్గర రోజుల్లో మాత్రం ఈ ప్రయోగం వద్దు. దీంతో వాడికి అర్థమయ్యేది కొవ్వు మానేయాలని కాదు, పరుగుకు ముందు తక్కువ, పరుగు అయ్యాక, రాత్రి భోజనంలో ఎక్కువ అని. ఆటగాడికి పనికొచ్చే విషయం అదే.

ఇప్పుడు వంటగది. ప్రతి కూరలో సగం తగ్గించానన్నారు. కూర పక్కకు పోవడానికి అసలు కారణం ఇదే అయి ఉంటుంది. మసాలాల వాసన, కారం రంగు నూనెలో కరుగుతాయి. పోపు నూనె కూడా సగమైతే ఆవాలు సరిగా చిటపటలాడవు, కారం పచ్చివాసన వదలదు. అందుకే పోపు నూనె జోలికి పోకుండా, ముక్క ఉడకడానికి పోసే నూనెను తగ్గించాలి. ముక్కను ఉడికించే పని నీళ్లు, ఆవిరి చేసిపెడతాయి.

దొండకాయ వేపుడు సంగతే తీసుకోండి. అర కిలో కాయలు పచ్చిగా వేసి వేయిస్తే ఐదారు పెద్ద చెంచాల నూనె తాగేస్తాయి. చక్రాలుగా కోసి, ఉప్పు పట్టించి, ఇడ్లీ కుక్కర్లో ఐదారు నిమిషాలు ఆవిరి మీద పెట్టి, పళ్లెంలో పరిచి తడి ఆరనివ్వండి. తడి ఆరకపోతే వేగదు, ముద్దవుతుంది. ఇనుప మూకుడు బాగా కాగాక రెండు పెద్ద చెంచాల నూనెలో పోపు వేసి, ముక్కలు పరిచి, మూత లేకుండా కదపకుండా రెండు మూడు నిమిషాలు వదిలి తిప్పండి. అంచులు ఎర్రబడ్డాక చివర్లో కారం, దంచిన వెల్లుల్లి, రెండు చెంచాల పల్లీల పొడి చల్లండి. మూకుడు అడుగున నూనె మిగలదు, ముక్క మీద మాత్రం మెరుపు ఉంటుంది. అత్తమ్మ చూసేది ఆ మెరుపునే.

వంకాయ ఇంకా చిక్కు. దాని లోపలి కండ స్పాంజిలా ఉంటుంది, ఎంత పోస్తే అంత పీలుస్తుంది. గుత్తి వంకాయకు కాయలను నాలుగు పక్షాలుగా చీల్చి ముందే ఆవిరి మీద మెత్తబడనిస్తే ఆ రంధ్రాలు కుంగిపోయి తక్కువ పీలుస్తాయి. నువ్వులు, పల్లీలు నూరి కూరేస్తారు కాబట్టి వాటి నుంచే నూనె కొంత పైకి తేలుతుంది.

పప్పు, చారు, పచ్చిపులుసులో ఎలాగూ నూనె కొద్దే. అక్కడ ఇంకా పిసినారితనం చేస్తే కలిసొచ్చేది చెంచాడు, పోయేది రుచి. పప్పులో పోపు దించే ముందు పైన వేయండి, అదే చెంచా నూనె వాసన ఎక్కువగా తెలుస్తుంది.

నూనెను ప్యాకెట్‌తో వంచి పోసే అలవాటు ఉంటే మానండి. పెద్దవాళ్ల ముగ్గురికీ తలా 20, మీవాడికి కూరల్లో వచ్చే 25 కలిపితే రోజుకు 85 గ్రాములు, అంటే సుమారు 95 మిల్లీలీటర్లు. వారానికి సరిపడా 650 మిల్లీలీటర్లు ఒక సీసాలో పోసి పెట్టుకోండి. దోసె, పోపు, వేపుడు అన్నీ ఆ సీసాలోంచే. వారం తిరగకముందే అయిపోతే ఏ కూర ఎక్కువ తాగిందో మీకే తెలుస్తుంది. ఆ లెక్కన నెలకు మూడు లీటర్లకు కాస్త తక్కువ. ఇప్పుడు మీరు వాడే రెండున్నర కంటే కొంచెం ఎక్కువే, ఆ కొంచెం పోపుల్లోకి వెళ్లనివ్వండి. ఆవకాయ నూనె ఈ లెక్కలో లేదని గుర్తుంచుకోండి. మీవారు, అత్తమ్మ ముక్క తీసుకుని నూనె జాడీలోనే వదిలేస్తే మంచిది. ముఖ్యంగా అత్తమ్మకు బీపీ ఉంటే నూనె కంటే అందులోని ఉప్పు మీద కన్నేయాలి.

మీవాడి విషయంలో ఏం గమనించాలంటే, వారానికి ఒకసారి ఒకే రోజు, పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూడండి. అంతకంటే తరచుగా వద్దు, వాడికి అదే ధ్యాస పట్టుకుంటుంది. ఈ వయసులో బరువు నెమ్మదిగా పెరగాలి, కనీసం నిలవాలి. కంచం మార్చాక నాలుగైదు వారాల్లో కిందికి పోవడం ఆగి కాస్త పైకి రావాలి. నిద్ర పట్టకపోవడం, చిన్నదానికీ చిరాకు, మాటిమాటికీ జలుబు, పొద్దున లేవగానే అలసట తగ్గుతున్నాయేమో చూడండి. బరువు ఇంకా తగ్గుతూనే ఉన్నా, ఎత్తు పెరగడం ఆగిపోయినట్టున్నా, పిక్క ముందు ఎముక మీద వేలితో చూపించగలిగినంత ఒకే చోట నొప్పి ఉన్నా ప్రాక్టీస్ ఆపించి డాక్టరుకు చూపించండి. అలాంటి చోట ఎముకలో సన్నటి పగులు ఉండవచ్చు, పంటి బిగువున పరిగెత్తితే అది పెద్దదవుతుంది. అలసట ఒక్కటే మిగిలితే హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, విటమిన్ డి పరీక్షలు అవసరమా అని డాక్టర్నే అడగండి. కోచ్‌తో కూడా ఒకసారి మాట్లాడండి, వాడు ముందు ఉండగానే. ఈ నాలుగు నెలల్లో ప్రాక్టీస్ ఎంత పెరిగిందో ఆయనకే తెలుసు.

మీవారికి కొత్త లెక్క మొదలుపెట్టిన మూడు నెలలకు మళ్లీ ట్రైగ్లిజరైడ్లు చూపించండి. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికల్లా తేలిగ్గా తిని, పన్నెండు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా ఇస్తే పాత రిపోర్టుతో పోల్చడానికి వీలుంటుంది. అంకె తగ్గకపోతే నూనె సీసాను ఇంకా చిన్నది చేయకండి, అన్నం, చక్కెర, నడక వైపు చూడండి.

ఇక చెప్పడం ఎప్పుడంటారా, భోజనాల దగ్గర అందరి ముందూ వద్దు, అత్తమ్మ వంతపాడితే వాడు గెలవడానికే మాట్లాడతాడు. సాయంత్రం ప్రాక్టీస్ నుంచి వచ్చి స్నానం చేశాక, ఆకలితో వంటింట్లోకి వచ్చినప్పుడు పల్లీలు చేతిలో పెట్టి చెప్పండి.